లాజ్‌పత్ నగర్ శిశువులు: కనిపించిన 1,526 మంది, కనిపించని మిగతావారు

దక్షిణ ఢిల్లీలోని లాజ్‌పత్ నగర్ దేశ విభజన అనంతరం పశ్చిమ పంజాబు నుంచి తరలివచ్చిన కుటుంబాల కోసం వెలసిన కాలనీ. ఆ ప్రాంతంలో 1969వ సంవత్సరాంతం నుంచి 1972 వరకు ఒక అసాధారణమైన లెక్కల పుస్తకం తయారైంది. సుమారు 12 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఇంటింటికీ వెళ్లి జనాభాను నమోదు చేశారు. దాదాపు లక్షా ఇరవై వేల జనాభాలో 20,755 మంది వివాహిత స్త్రీలను గుర్తించారు. రెండు నెలలకొకసారి వారి ఇళ్లకు వెళ్లి నెలసరి తేదీలు రాసుకున్నారు. గర్భం దాల్చిన వారిని ప్రసవం దాకా గమనించారు. ఆ విధంగా సజీవంగా జన్మించిన 8,181 మంది శిశువుల బరువు, పొడవు వంటి కొలతలను పుట్టిన మూడు రోజుల లోపలే తీసుకున్నారు. తరువాత మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, అటుపైన ఆరు నెలలకొకసారి, కౌమారం దాటేదాకా కొలతలు సాగాయి. భారత వైద్య పరిశోధన మండలి, అమెరికా జాతీయ ఆరోగ్య గణాంక కేంద్రం దీనికి ఆర్థిక సహాయం అందించాయి. వైద్య లోకంలో ఇది న్యూఢిల్లీ బర్త్ కోహోర్ట్‌గా ప్రసిద్ధి.

కోహోర్ట్ అంటే ఒకే కాలంలో ఒకే అనుభవంతో బయలుదేరిన సమూహం. ఇక్కడ ఆ అనుభవం, ఆ ప్రాంతంలో ఆ మూడేళ్లలో పుట్టడం. ఇటువంటి అధ్యయనం బలమంతా కాలక్రమంలో ఉంది. కారణమని అనుమానించినదాన్ని ముందు కొలుస్తారు, ఫలితాన్ని ఏళ్ల తరువాత చూస్తారు. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ మనుషులు ఇల్లు మారతారు, ఊరు మారతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, మరణిస్తారు, కొందరు ఇక చాలని తలుపు వేసుకుంటారు.

డాక్టర్ సంతోష్ భార్గవ, డాక్టర్ హర్ష్‌పాల్ సింగ్ సచ్‌దేవ్, డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి తదితరులు, బ్రిటన్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులతో కలిసి ఈ శిశువులను పెద్దవారయ్యాక మళ్లీ వెతికారు. 1998 నుంచి 2002 వరకు సాగిన ఆ వెతుకులాటలో 8,181 మందిలో 2,584 మంది ఆచూకీ దొరికింది. వారిలో 1,526 మందిని పరీక్షించగలిగారు. అప్పటికి వారి వయస్సు 26 నుంచి 32 ఏళ్లు. రక్తంలో చక్కెర పరీక్ష పూర్తయినవారు 1,492 మంది. వారిలో 4.4 శాతం మందికి మధుమేహం, మరో 10.8 శాతం మందికి మధుమేహానికి ముందు మెట్టుగా చెప్పే చక్కెర సహన లోపం ఉన్నట్లు తేలింది. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ వ్యాసం వెలువడింది. రెండేళ్లలోపు సన్నగా ఉండి, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య శరీర ద్రవ్యరాశి సూచికలో తోటివారికంటే వేగంగా పైకి వెళ్లిన పిల్లలు యౌవనంలో ఈ సమస్యలకు ఎక్కువగా లోనయ్యారన్నది దాని సారాంశం. పన్నెండేళ్ల వయసులో వారెవరూ స్థూలకాయులు కారన్నది ఆ ఫలితానికి విలువ తెచ్చిన అంశం.

ఇక్కడ ఒక భాగహారం చేయాలి. 8,181లో 1,526 అంటే నూటికి పందొమ్మిది మందికి కాస్త తక్కువ. నూటికి ఎనభైమందికి పైగా ఆ గదిలోకి రాలేదు. రానివారు వచ్చినవారి వంటివారేనా? కాకపోతే, వచ్చినవారిని చూసి చెప్పిన మాటలో ఎంత నిలుస్తుంది? జాడ తప్పినవారి వల్ల ఫలితం ఒక పక్కకు ఒరిగిపోవడాన్ని పరిశోధకులు అట్రిషన్ బయాస్ అంటారు. మనం జారుబాటు దోషమని చెప్పుకోవచ్చు. కేవలం సంఖ్య తగ్గడం దోషం కాదు. సంఖ్య తగ్గితే అంచనా కొంత వదులవుతుంది, అంతే. జారిపోవడంలో ఒక వరుస ఉన్నప్పుడే దోషం పుడుతుంది.

మొదట గమనించవలసింది ఏమిటంటే, రానివారందరూ ఒకే కోవకు చెందరు. ఢిల్లీ లెక్కలో రెండు గడపలు ఉన్నాయి. మొదటి గడప వద్ద 5,597 మంది ఆగిపోయారు, వారు దొరకలేదు. రెండో గడప వద్ద 1,058 మంది ఆగిపోయారు. వీరి ఆచూకీ తెలుసు, కానీ పరీక్ష జరగలేదు. మొదటి కోవలో అద్దె ఇల్లు మారినవారు, బదిలీ అయిన ప్రభుత్వోద్యోగుల పిల్లలు, విదేశాలకు వెళ్లినవారు, బాల్యంలోనే కన్నుమూసినవారు కలగలిసి ఉండడం సహజం. రెండో కోవలో ఉండగలవారు వేరు. సెలవు దొరకని ఉద్యోగి, సూది అంటే భయపడేవారు, ఒంట్లో బాగానే ఉంది కదా అనుకునేవారు, తమకు జబ్బు ఉన్నదని ఇదివరకే తెలిసి మళ్లీ వినదలచనివారు అక్కడ కనిపిస్తారు. ఈ రెండు గడపలను కలిపి ఒకే వాక్యంలో ‘పాల్గొననివారు’ అని రాస్తే, ఒకదానికొకటి ఎదురుగా లాగే కారణాలు ఒకే సంచిలో పడిపోతాయి. సంపన్నులు విదేశాలకు పోవడం వల్ల ఒక వైపు, పేదలు బస్తీ ఖాళీ చేయడం వల్ల మరో వైపు జారుబాటు జరిగితే, సగటు మారనట్టే కనిపిస్తుంది. లోపల రెండు కొసలూ తెగిపోయి ఉంటాయి.

మరణించినవారిని ఏ లెక్కలో వేయాలన్నది మరో చిక్కు. బ్రెజిల్‌లోని పెలోటాస్ నగరంలో 1982లో పుట్టిన 5,914 మంది శిశువుల సమూహం ఢిల్లీ సమూహంతో తరచు పోల్చదగినది. 2004–05లో అక్కడి పరిశోధకులు 4,297 మందిని కలుసుకున్నారు. అప్పటికి 282 మంది మరణించినట్లు నమోదై ఉంది. వారినీ ‘ఆచూకీ తెలిసినవారి’ కింద చేర్చి 77.4 శాతం అనుసరణ సాధించామని ప్రకటించారు. ఇది సబబే. మరణమూ తెలిసిన సమాచారమే. అయితే 77.4 శాతం మందికి రక్తపోటు కొలిచారని ఎవరైనా రాస్తే అది పొరపాటు. ఆచూకీ తెలియడం ఒక హారం మీద, కొలత దొరకడం మరో హారం మీద ఆధారపడే సంగతులు. వార్తా సంస్థలకు వచ్చే ప్రకటనలలో ఈ రెండూ ఒకే సంఖ్యగా కలిసిపోవడం అరుదు కాదు.

నిలిచినవారిని, జారినవారిని పోల్చే పట్టిక దాదాపు ప్రతి కోహోర్ట్ వ్యాసంలోనూ ఉంటుంది. తరచు అది అనుబంధంలో ఒదిగి ఉంటుంది. పద్ధతి చూడడానికి సులువు. తొలినాడు అందరికీ కొలిచిన అంశాలను, అంటే పుట్టిన బరువు, తల్లి చదువు, కుటుంబ ఆదాయం, ఇంట్లో గదుల సంఖ్య వంటివాటిని తీసుకుంటారు. నిలిచినవారి సగటును ఒక గడిలో, జారినవారి సగటును పక్క గడిలో వేస్తారు. ఢిల్లీ సమూహంలో ఆ తొలి సమాచారం చాలా నిండుగా ఉంది. ఉదాహరణకు తల్లిదండ్రులలో నిరక్షరాస్యులు 15 శాతమే. అప్పటి జాతీయ సగటు 66 శాతం. అంటే ఈ సమూహం మొదటి నుంచీ దేశానికి ప్రతిబింబం కాదు. అయినా 43 శాతం కుటుంబాలు ఒకే గదిలో నివసించేవి. బయలుదేరినప్పుడే ఉన్న ఈ ప్రత్యేకత వేరు, దారిలో జారుబాటు వల్ల వచ్చిన ప్రత్యేకత వేరు. రెండింటినీ విడదీసి చూడాలి.

ఢిల్లీ సంఖ్యలతోనే ఒక పోలిక చేసి చూద్దాం. పరీక్షకు వచ్చిన 1,526 మందిలో పురుషులు 886, స్త్రీలు 640. అంటే పురుషులు 58 శాతం. సజీవ జననాలలో మగపిల్లలు సాధారణంగా నూటికి 51 లేదా 52 మంది ఉంటారు. 52 అనుకుంటే, 8,181లో మగశిశువులు రమారమి 4,254, ఆడశిశువులు 3,927. ఆ ప్రకారం మగవారిలో నూటికి 21 మంది, ఆడవారిలో నూటికి 16 మంది చివరిదాకా నిలిచారు. కారణం ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. 26 నుంచి 32 ఏళ్ల వయసుకు ఉత్తర భారత స్త్రీలలో అత్యధికులు అత్తవారింట ఉంటారు. ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, పుట్టింటి తలుపు తడితే చిరునామా దొరకవచ్చు గాని ఆమె దొరకదు. దొరికినా, రక్తం ఇవ్వడానికి ఉదయాన్నే పరగడుపున బయలుదేరాలంటే ఇంట్లో మరొకరు ఒప్పుకోవలసి రావచ్చు.

ఇది కేవలం సంఖ్యలో తేడాయేనా? స్త్రీల ఫలితాలను, పురుషుల ఫలితాలను విడివిడిగా చెబితే ఈ తేడా సర్దుకుంటుందని అనిపిస్తుంది. సగం వరకు నిజమే. మిగతా సగం వేరే చోట ఉంది. వచ్చిన 640 మంది స్త్రీలు ఎవరు? ఢిల్లీలోనే మెట్టినవారు, ఇంకా పెళ్లి కానివారు, స్వేచ్ఛగా బయటికి రాగలిగినవారు వారిలో ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. దూరప్రాంతానికి వెళ్లి, ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లియై, గర్భధారణ సమయంలో చక్కెర పెరిగిన స్త్రీ ఆ 640లో ఉండే అవకాశం తక్కువ. పుట్టినప్పటి బరువు ఉన్న పట్టికలో ఈ భేదం కనిపించదు. ఎందుకంటే ఆ పట్టిక పుట్టిన నాటి సంగతులనే అడుగుతుంది, పెళ్లి ఆ తరువాతి మాట.

పట్టిక చదివే తీరులో మరొక చిక్కుంది. చాలా వ్యాసాలలో రెండు సగటుల పక్కన ఒక ‘పి విలువ’ ఉంటుంది. అది 0.05 కన్నా తక్కువైతే తేడా ఉన్నట్లు, ఎక్కువైతే లేనట్లు భావిస్తారు. ఈ అలవాటు ఇక్కడ దారి తప్పిస్తుంది. పుట్టిన బరువులలో వ్యక్తికీ వ్యక్తికీ ఉండే చెదరుబాటు, అంటే ప్రామాణిక విచలనం, 400 గ్రాములని అనుకుందాం. 1,526 మందిని 6,655 మందితో పోల్చినప్పుడు కేవలం 30 గ్రాముల తేడా ఉన్నా పి విలువ 0.01 కన్నా తక్కువకు పడిపోతుంది. 30 గ్రాములంటే మొత్తం చెదరుబాటులో పదో వంతు కూడా కాదు. దానికి గాబరా పడనక్కరలేదు. ఇంకొక చిన్న అధ్యయనంలో 60 మంది నిలిచి 40 మంది జారిపోయారనుకోండి. అక్కడ 120 గ్రాముల తేడా ఉన్నా పి విలువ 0.1 పైనే ఉంటుంది, ‘గణనీయమైన తేడా లేదు’ అని రాసి ముగిస్తారు. కానీ 120 గ్రాములంటే చెదరుబాటులో మూడో వంతుకు దగ్గర. మనుషుల సంఖ్య పెద్దదైతే చిన్న తేడా పెద్దగా, చిన్నదైతే పెద్ద తేడా చిన్నగా కనిపించే అద్దం ఇది. అందువల్ల తేడాను చెదరుబాటుతో భాగించి వచ్చిన సంఖ్యను చూడడం మంచిది. అది 0.1కి లోపల ఉంటే సాధారణంగా ఊరట, 0.2 దాటితే ఆగి ఆలోచించాలి.

అయితే అసలు చిక్కు ఇంకా లోతున ఉంది. పట్టికలో పెద్ద తేడా ఉన్నా ప్రధాన ఫలితం చెక్కుచెదరకపోవచ్చు. తేడా స్వల్పమైనా ఫలితం కూలిపోవచ్చు. ఈ మాట వినడానికి వింతగా ఉంటుంది గనుక ఒక కల్పిత లెక్కతో చూద్దాం.

వెయ్యి మంది శిశువులున్నారనుకోండి. 500 మంది తక్కువ బరువుతో, 500 మంది సరైన బరువుతో పుట్టారు. పెద్దయ్యాక తక్కువ బరువు వారిలో 100 మందికి, అంటే 20 శాతానికి, మధుమేహం వస్తుంది. సరైన బరువు వారిలో 50 మందికి, అంటే 10 శాతానికి వస్తుంది. నిజం ఇది: ఒక వర్గంలో ముప్పు రెండో వర్గానికి రెట్టింపు, మొత్తం మీద 15 శాతం.

మొదటి సందర్భం. తక్కువ బరువుతో పుట్టినవారు పేద కుటుంబాలవారు, ఎక్కువగా ఇళ్లు మారారు. వారిలో 30 శాతం మందే దొరికారు. సరైన బరువు వారిలో 60 శాతం మంది దొరికారు. అయితే ఏ వర్గంలోనైనా జబ్బు ఉన్నవారు, లేనివారు సమానంగానే దొరికారు. అప్పుడు తక్కువ బరువు వర్గంలో 150 మంది వచ్చారు, వారిలో 30 మందికి మధుమేహం. రెండో వర్గంలో 300 మంది వచ్చారు, వారిలోనూ 30 మందికి మధుమేహం. 20 శాతం, 10 శాతం. ముప్పు రెట్టింపన్న నిజం భద్రంగా ఉంది. కానీ పోలిక పట్టిక చూస్తే భయం వేస్తుంది. నిలిచిన 450 మందిలో తక్కువ బరువు వారు 33 శాతం, జారిన 550 మందిలో 64 శాతం. మొత్తం మధుమేహం 15కు బదులు 13.3 శాతమని వస్తుంది. అది మాత్రం తప్పు.

రెండో సందర్భం. ఈసారి తక్కువ బరువుతో పుట్టి మధుమేహం కూడా వచ్చినవారు మాత్రమే వెనుకబడ్డారు. అనారోగ్యం వల్ల రాలేకపోయారు, కొందరు ముందే మరణించారు. వారిలో 30 శాతం మందే దొరికారు. మిగతా అందరిలో 60 శాతం మంది దొరికారు. అంటే తక్కువ బరువు వర్గంలో 30 మంది మధుమేహులు, 240 మంది ఆరోగ్యవంతులు వచ్చారు. మొత్తం 270లో 30, అంటే 11 శాతం. రెండో వర్గంలో 300లో 30, అంటే 10 శాతం. రెట్టింపు ముప్పు ఎక్కడా కనిపించదు. ‘పుట్టిన బరువుకు మధుమేహంతో సంబంధం లేదు’ అని శీర్షిక పడుతుంది. మరి పోలిక పట్టిక ఏమంటోంది? నిలిచినవారిలో తక్కువ బరువు వారు 47 శాతం, జారినవారిలో 53 శాతం. చూసినవారు తృప్తిగా పేజీ తిప్పేస్తారు.

తేడా పెద్దదైన చోట నిష్పత్తి బతికింది, తేడా చిన్నదైన చోట చచ్చిపోయింది. కారణం, నిష్పత్తిని చెడగొట్టేది ఎవరు జారారన్నది ఒక్కటే కాదు. కారణమూ ఫలితమూ జంటగా ఉన్నవారు మిగతావారికన్నా వేరే వేగంతో జారుతున్నారా అన్నది ముఖ్యం. జారినవారి ఫలితం మనకు తెలియదు గనుకనే వారు జారినవారయ్యారు. కాబట్టి పట్టిక ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పలేదు. తొలినాటి సమాచారం ద్వారా పక్క నుంచి తొంగి చూడడం వరకే దాని శక్తి.

అందుకే ఢిల్లీ అధ్యయనంలోని రెండు రకాల వాక్యాలకు ఒకే తూకం వేయకూడదు. ‘4.4 శాతం మందికి మధుమేహం’ అన్నది వచ్చినవారి గురించిన లెక్క. దాన్ని ‘ఢిల్లీ యువతలో నూటికి నలుగురికి పైగా మధుమేహం’ అని వార్తగా మార్చడానికి ఆధారం లేదు. వార్తా సంపాదకుల బల్ల మీద ఈ మార్పు రెండు నిమిషాలలో జరిగిపోతుంది. ఎందుకంటే రెండో వాక్యం చదవడానికి బాగుంటుంది. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య సూచిక ఒక ప్రామాణిక విచలనం మేర పెరిగితే సమస్య తలెత్తే అవకాశాల నిష్పత్తి 1.36 రెట్లు ఉందన్నది మరో రకం వాక్యం. అది వచ్చినవారిలో ఒకరితో ఒకరిని పోల్చి చెప్పిన మాట. పై లెక్కలో మొదటి సందర్భం వంటి జారుబాటును అది తట్టుకుంటుంది. రెండో సందర్భం వంటిది జరిగి ఉంటేనే దానికి ముప్పు. ముప్ఫై ఏళ్ల వయసులో మధుమేహం వల్ల మంచం పట్టేవారు, మరణించేవారు స్వల్పం గనుక రెండో సందర్భం తీవ్రంగా జరిగి ఉండే అవకాశం తక్కువని నా అంచనా. అరవై ఏళ్ల వయసువారి సమూహమైతే ఈ ధీమా చెల్లదు.

తెలుగు నేలపై జరిగిన ఒక అధ్యయనం ఇదే ప్రశ్నను మరో కోణంలో చూపుతుంది. హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలలో 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పటికే అమలైన 15 గ్రామాలలో గర్భిణులకు, పిల్లలకు అదనపు ఆహారం అందేది. పథకం ఇంకా చేరని 14 గ్రామాలలో అందేది కాదు. ఆ కాలంలో పుట్టిన పిల్లలను 2003–05లో మళ్లీ వెతికి, 13 నుంచి 18 ఏళ్ల వయసులో 1,165 మందిని పరీక్షించారు. పథకం ఉన్న గ్రామాల పిల్లలు 654, లేని గ్రామాల పిల్లలు 511. పథకం ఉన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారని, ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉందని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు.

ఇక్కడ పోలిక రెండు రకాల ఊళ్ల మధ్య. కాబట్టి నిలిచినవారిని, జారినవారిని మొత్తంగా పోల్చితే చాలదు. ఒక్కో పక్షంలో ఎవరు జారారో విడివిడిగా చూడాలి. పథకం ఉన్న ఊళ్లలో పొట్టిగా, బలహీనంగా ఉన్న పిల్లల కుటుంబాలు పనుల కోసం నగరానికి వలసపోయి, లేని ఊళ్లలో అటువంటివారు నిలిచిపోయారనుకోండి. పోషకాహారం ఏమీ చేయకపోయినా ఆ 14 మిల్లీమీటర్లు వస్తాయి. రెండు పక్షాలలోనూ ఒకే రకంవారు వెళ్లిపోతే ఆ అనుమానం తగ్గుతుంది. పరీక్ష వయస్సు కూడా ఇక్కడ కలిసివచ్చే అంశమే. 13 నుంచి 18 ఏళ్లలో ఆడపిల్లలు చాలామంది ఇంకా పుట్టింటనే ఉంటారు. అదే పిల్లలను పాతికేళ్లకు వెతికితే ఢిల్లీ వెతుకులాటలో కనిపించిన ఆడ, మగ తేడా అక్కడా తలెత్తక మానదు.

జారుబాటును లెక్కల్లో సరిదిద్దే ఉపాయాలు లేకపోలేదు. అందరికన్నా ఎక్కువగా వాడేది బరువులు వేసే పద్ధతి. కల్పిత లెక్కలోని మొదటి సందర్భాన్ని మళ్లీ తీసుకోండి. తక్కువ బరువు వర్గంలో పది మందికి ముగ్గురే వచ్చారు గనుక, వచ్చిన ఒక్కొక్కరిని 3.33 మందిగా లెక్కిస్తాం. రెండో వర్గంలో పది మందికి ఆరుగురు వచ్చారు గనుక ఒక్కొక్కరిని 1.67 మందిగా లెక్కిస్తాం. మొదటి వర్గంలోని 30 మంది మధుమేహులు 100 అవుతారు, రెండో వర్గంలోని 30 మంది 50 అవుతారు. వెయ్యికి 150. తప్పిపోయిన 15 శాతం తిరిగి వచ్చింది. ఇదే ఉపాయం రెండో సందర్భంలో వాడితే ఏమీ జరగదు. అక్కడ వచ్చిన 270 మందిని 500గా లెక్కించినా, వారిలో మధుమేహులు 11 శాతంగానే మిగులుతారు. వచ్చినవారు తమ వర్గంలోని రానివారికి ప్రతినిధులన్న నమ్మకం మీదనే ఈ పద్ధతి నిలబడి ఉంది. ఆ నమ్మకాన్ని ఏ సాఫ్ట్‌వేర్ పరీక్షించలేదు.

నమ్మకాన్ని కొంతవరకు పరీక్షించాలంటే మళ్లీ గడప దగ్గరికే వెళ్లాలి. పరీక్షకు రాని 1,058 మంది వంటివారిలో వందమందిని చీటీ వేసి ఎంచి, వారి వద్దకు మరోసారి, మరో సమయంలో, ఆదివారం నాడో సాయంత్రమో వెళ్లడం ఒక మార్గం. రక్తం ఇవ్వకపోయినా, మధుమేహం ఉన్నదని వైద్యులు ఎప్పుడైనా చెప్పారా అన్న ఒక్క ప్రశ్నకు జవాబిచ్చేవారు ఉంటారు. మొదటి పిలుపుకు వచ్చినవారిని, నాలుగైదు సార్లు వెళ్తే గాని రానివారిని వేరుచేసి పోల్చడం ఇంకొక మార్గం. ఆలస్యంగా వచ్చినవారిలో జబ్బు ఎక్కువగా ఉంటే, అసలు రానివారిలో ఇంకా ఎక్కువ ఉండవచ్చని అనుమానించాలి. ఢిల్లీ సమూహానికి ఒక అదనపు సదుపాయం కూడా ఉంది. పిల్లలను ఆరు నెలలకొకసారి కొలిచారు గనుక, ఎవరు ఏ వయసులో జారిపోయారో, జారిపోయే ముందు వారి ఎదుగుదల ఎలా ఉందో పుస్తకంలో ఉంది. ఐదేళ్లకు వెళ్లిపోయిన పిల్లవాడిని పుట్టిన బరువుతో మాత్రమే గాక ఐదో ఏటి కొలతతో కూడా పోల్చవచ్చు. ఒకసారి కొలిచి ముప్ఫై ఏళ్ల తరువాత మళ్లీ చూసే అధ్యయనాలకు ఈ భాగ్యం ఉండదు.

ఇవేవీ వీలుకానప్పుడు మిగిలేది హద్దులు గీసుకోవడం. 4.4 శాతం అంటే 1,492 మందిలో సుమారు 66 మంది. ఆచూకీ దొరికిన 2,584 మందిలో చక్కెర పరీక్ష జరగనివారు 1,092 మంది. వారిలో మధుమేహం వచ్చినవారిలో ఉన్నదానికి సగమే, అంటే 2.2 శాతం ఉందనుకుంటే 24 మంది చేరతారు. మొత్తం 2,584లో 90, అంటే 3.5 శాతం. రెట్టింపు ఉందనుకుంటే 96 మంది చేరతారు. మొత్తం 162, అంటే 6.3 శాతం. నిజమైన సంఖ్య ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉందని చెప్పడం, 4.4 అని దశాంశంతో చెప్పడం కన్నా తక్కువ ఆకర్షణీయంగా ఉంటుంది. దొరకని 5,597 మందిని కూడా కలిపితే హద్దులు ఇంకా విస్తరిస్తాయి. అయితే వారిలో బతికి ఉన్నవారెందరో తెలియకుండా ఆ లెక్కకు పూనుకోకపోవడమే మేలు.

ఆ తరువాత కొన్నేళ్లకు ఇదే సమూహాన్ని మరోసారి పరీక్షించినప్పుడు 1,100 మంది గురించిన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. 1,526లో 1,100 అంటే 72 శాతం, చాలా గౌరవప్రదమైన సంఖ్య. 8,181లో అయితే 13 శాతం. ఏ హారంతో భాగించాలన్నది అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. ఏడేళ్లలో రక్తపోటు ఎంత పెరిగిందన్న ప్రశ్నకు మొదటి హారం సరిపోతుంది. లాజ్‌పత్ నగర్‌లో పుట్టిన ఆ తరానికి ఏమైందన్న ప్రశ్నకు రెండోదే కావాలి.